కమీషన్ లేని కొట్టు

అప్పాయమ్మ నోటికి భయపడనివాడు హార్బరు దగ్గర ఒక్కడూ లేడు. చేపల వేలంపాట దగ్గర ఆవిడ చెంగు దోపుకుని నిలబడిందంటే కమీషన్ వ్యాపారులు గొంతు తగ్గించి మాట్లాడేవారు. ముప్పై ఏళ్ళుగా చేపలమ్మిన మనిషి. తక్కెడ చూడక్కర్లేదు, చేత్తో ఎత్తి పండుగప్ప ఎంత తూగుతుందో చెప్పేస్తుంది. ఆవిడని మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదని ఆవిడే నలుగురిలో చెప్పుకునేది. చెప్పుకోవడం వరకూ బాగానే ఉంది. మనిషికి ఆ మాత్రం గొప్ప ఉండాలి కూడా. కాకపోతే ఆ గొప్ప నెత్తికెక్కినప్పుడు కళ్ళ ముందున్నది కనపడదు.

ఆవిడ కోడలు సాయిదుర్గ కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. కొడుకు పోతురాజు వేటకి పోతాడు. బోటు ఇంజను కోసం బ్యాంకులో తీసుకున్న అప్పు కట్టలేక చేతులెత్తేశాడు. అందుకని అతని ఎకౌంట్లో ఏ డబ్బు పడినా బ్యాంకువాళ్ళు బాకీ కింద జమ చేసేసుకుంటున్నారు. కోడలు పంపే డబ్బు అందులో పడితే ఇంటికి చిల్లిగవ్వ రాదు. ఈ గొడవంతా చూసి సాయిదుర్గ తన అక్క సత్యవాణి ఎకౌంటుకి పంపడం మొదలుపెట్టింది. సత్యవాణిది నరసాపురం. నెలకోసారి ఆవిడ డబ్బు తీసి, పంటు ఎక్కి గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి, ఆటోలో పల్లిపాలెం వచ్చి అప్పాయమ్మ చేతిలో పెట్టి వెళ్ళేది. ఆటో ఖర్చులు కూడా తనవే. ఒక కప్పు టీ తాగి వెళ్ళిపోయేది.

సత్యవాణి లేసు అల్లుతుంది, అల్లించి పెడుతుంది కూడా. నరసాపురంలో శివరామకృష్ణ అనే లేసు వ్యాపారి దగ్గర దారం ఉండలు తెచ్చి, తమ వీధిలో, పక్క వీధుల్లో ఆడవాళ్ళకి పంచి, అల్లిన గుడ్డలు పోగుచేసి ఆయనకి అందించి, ఆయనిచ్చిన కూలి డబ్బు తిరిగి ఇంటింటికీ పంచుతుంది. ముప్పై నలభై మంది ఆడవాళ్ళ కూలి ఆవిడ చేతిమీదుగా నడుస్తుంది. దానికి ఆవిడకి వచ్చేది తక్కువే. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ తక్కువతోనే ఇల్లు నడుపుతోంది. ఆ పనికి కావలసింది చదువు కాదు, పెట్టుబడి కాదు. చెయ్యి శుభ్రమైనదని నలుగురూ అనుకోవాలి, అంతే.

ఎండాకాలంలో ఒకసారి పోతురాజు బోటు మీద ఎవరో చెప్పగా విని ఇంటికొచ్చి తల్లితో అన్నాడు. "అమ్మా, కువైట్‌లో కొత్త కొట్టొకటి పెట్టారంట. డబ్బు పంపడానికి కమీషనే తీసుకోరంట."

కమీషన్ అన్న మాట వింటే అప్పాయమ్మకి ఒళ్ళు మండుతుంది. జీవితమంతా పాట దగ్గర నూటికింతని కోయించుకున్న మనిషి. వెంటనే ఫోను పట్టుకుని కోడలికి వాయిస్ మెసేజి పెట్టించింది. "ఏమే సాయిదుర్గా, కమీషన్ తీసుకునేవోడి గుమ్మం తొక్కమాకు. నీ కష్టం ఆడి నోట్లో కొడతావేంటి? కమీషన్ లేని కొట్టుకే ఎల్లు." దానికి కోడలు ఏదో జవాబు చెప్పింది. అప్పాయమ్మ సగం విని, "ఎల్లమన్నానా లేదా" అని గట్టిగా ఇంకో మెసేజి పెట్టింది. ఆ నెల నుంచి సాయిదుర్గ కొత్త కొట్టుకే వెళుతోంది.

ఇక్కడి వరకూ ఎవరికీ బాధ లేదు.

పక్కింటి పాపాయి కూతురు రూతు కూడా కువైట్‌లోనే, సాయిదుర్గ పనిచేసే ఇంటికి నాలుగిళ్ళ అవతల పనిచేస్తోంది. ఇద్దరికీ ఒకే శుక్రవారం సెలవు దొరుకుతుంది. ఇద్దరూ కలిసి బజారుకెళ్ళి చెరో వంద దినార్లూ కడతారు. కొట్లు మాత్రం వేరు. రూతు మొదటినుంచీ వెళ్ళే పాత కొట్టుకే వెళుతుంది.

దసరా వెళ్ళిన తరవాత ఒకరోజు కుళాయి దగ్గర పాపాయి మాటల్లో మాటగా అంది. "మా రూతు ఈసారి ఇరవై ఏడు వేల అరవై ఏడు ఏసిందొదినా. ఇంటి మీద రేకులు మార్పిద్దామనుకుంటున్నాం."

అప్పాయమ్మ చేతిలో బిందె నిండి పొర్లిపోతోంది. ఆవిడ చూడలేదు. సత్యవాణి తెచ్చిచ్చింది ఇరవై ఆరు వేల ఆరొందల అరవై. అవే వంద దినార్లు, అదే శుక్రవారం. పైగా పాపాయి కూతురు వెళ్ళేది కమీషన్ తీసుకునే కొట్టు.

"మీ పిల్ల కట్టింది వందేనా?" అని అడిగింది.

"వందే. మీ సాయిదుర్గా, మా రూతూ ఒకే రోజు కట్టారంట కదా."

ఆ సాయంత్రం పోతురాజు వల బాగుచేసుకుంటూ ఉంటే తల్లి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. పోతురాజు పదో తరగతి దాకా చదివాడు. ఫోనులో దినారు రేటు ఎంతో కొట్టి చూశాడు. రెండువందల డెబ్బై అయిదు చిల్లర చూపించింది. వందతో హెచ్చవేస్తే ఇరవై ఏడు వేల అయిదొందల పైచిలుకు.

"పాపాయత్త వాళ్ళకి కమీషన్ పోయింది కాబట్టి ఇరవై ఏడు వేల అరవై ఏడొచ్చింది," అన్నాడు ఆలోచిస్తూ. "మనకి కమీషన్ లేదు. అంటే మొత్తం రావాలి. ఇరవై ఏడు వేల అయిదొందలు దాటి రావాలి. వచ్చింది ఇరవై ఆరు వేల ఆరొందల అరవై."

"మరి మిగతా తొమ్మిదొందలూ ఏవయ్యాయిరా?"

పోతురాజు వల వైపు చూశాడు. మధ్యలో ఉన్నది సత్యవాణి చెయ్యి ఒక్కటేనని ఇద్దరికీ తెలుసు. పాపం లెక్క కూడా చూడటానికి ముచ్చటగా ఉంది. కమీషన్ లేదు కాబట్టి మొత్తం రావాలి, మొత్తం రాలేదు కాబట్టి ఎవరో తిన్నారు. అందులో ఎక్కడ తప్పుందో అప్పుడు వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా ఆవిడ వినే స్థితిలో లేదు.

"సత్యవాణి వదినని అడిగి చూద్దామమ్మా, నెమ్మదిగా," అన్నాడు పోతురాజు.

నెమ్మదిగా అడగడం అప్పాయమ్మకి చేతకాదు.

మర్నాడు ఆవిడ గంప ఎత్తుకుని నరసాపురం వెళ్ళాలని సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి అవతలినుంచి పంటు వచ్చి ఆగింది. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు దిగుతున్నాయి. వాటి మధ్యలోంచి లేసు సంచి భుజాన వేసుకుని సత్యవాణి దిగింది. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, అందరూ ఆవిడ దగ్గర దారం తీసుకునేవాళ్ళే. ఇవతలి ఊళ్ళలో కొత్తగా కొందరికి పని నేర్పడానికి వెళుతున్నారు.

"ఏం అత్తయ్యా, బాగున్నారా? నరసాపురమేనా?" అంది సత్యవాణి నవ్వుతూ.

అప్పాయమ్మ గంప దించింది. "బాగానే ఉన్నాం. నెలకి తొమ్మిదొందలు నువ్వు తింటుంటే మేం బాగుండక ఏం చేస్తాం?"

సత్యవాణి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. అర్థం కాలేదు. "ఏంటండీ?"

"చెల్లెలు ఇంకోళ్ళ పాచి కడిగి పంపిన డబ్బు. అందులో కూడా నువ్వు కోసుకుంటావా? పాపాయి కూతురు కమీషన్ ఇచ్చుకుని పంపితే ఇరవై ఏడు వేలు దాటి వచ్చింది. మాది కమీషన్ లేని కొట్టు. మాకు తక్కువెలా వచ్చిందే? ఎండాకాలం నుంచీ తింటున్నావు. అయిదారు వేలు లెక్క తేలింది. నా దగ్గరా నీ లెక్కలు? నేను పాటలో ముసలిదాన్నయ్యాను."

రేవంతా ఆగి చూసింది. టిక్కెట్లు కోసే కుర్రాడు కూడా చూశాడు. ఎవరో "ఊరుకోండి అప్పాయమ్మగారూ" అన్నారు. అన్నందుకు ఆవిడ గొంతు ఇంకా పెంచింది. "నలభై మంది కూలి పంచుతుంది కదా, ఆళ్ళ దగ్గర ఎంత నొక్కుతుందో అడగండి!" అనేసింది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు. ముందుగా అనుకున్నది కాదు. నోరు తెరిచాక లోపలున్నదీ లేనిదీ అంతా వచ్చేస్తుంది కొందరికి.

సత్యవాణి వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఎంత పడిందో అంత తెచ్చి ఇచ్చానత్తయ్యా," అంది సత్యవాణి. సంచి సర్దుకుని, వెళ్ళాల్సిన ఊరికి వెళ్ళకుండా వచ్చిన పంటే మళ్ళీ ఎక్కేసింది. పైన కమ్మీ పట్టుకుని అవతలి ఒడ్డు వైపు తిరిగి నిలబడింది. అప్పాయమ్మ గంప ఎత్తుకుని అదే పంటు ఎక్కడానికి ఒక్క క్షణం జంకి, తరవాతి దానికి వెళ్ళింది. తప్పుచేసిన దొంగ తనతో ఒకే పంటులో ఉంటే తనకెందుకు జంకు అని ఆవిడకే ఆశ్చర్యంగా కూడా అనిపించింది.

మాట గోదావరి దాటడానికి పంటు అక్కర్లేదు. మూడు రోజుల్లో లేసు వీధుల్లో అదే ముచ్చట. కూలి డబ్బులు తిరిగి తిరిగి లెక్కపెట్టుకున్నవాళ్ళు కొందరు. "నాకేం తేడా రాలేదు గానీ..." అని ఆ "గానీ" దగ్గర ఆగిపోయినవాళ్ళు మరికొందరు. శివరామకృష్ణ మర్యాదస్తుడు. సత్యవాణిని పిలిచి, "నాకు నీ మీద అనుమానం లేదమ్మా, కానీ ఆడవాళ్ళు అడుగుతున్నారు. కొన్నాళ్ళు దారం పంచే పని ఇంకొకరికి ఇస్తాను. నువ్వు అల్లుకో, కూలి తీసుకో," అన్నాడు. మర్యాదగా తీసేసినా తీసేసినట్టే.

ఈ సంగతి పోతురాజుకి నరసాపురంలో తెలిసింది. వల దారం కొనడానికి వెళ్ళి, మొహమాటపడుతూనే వదినగారి గుమ్మంలోకి వెళ్ళాడు. ఆవిడ ఇంటి అరుగు మీద ఒంటరిగా కూర్చుని అల్లుకుంటోంది. ఎప్పుడూ నలుగురుండే అరుగు అది. పోతురాజుని చూసి లేచింది, మంచినీళ్ళు ఇచ్చింది, లోపలికి వెళ్ళి బ్యాంకు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇందులో ప్రింటు వేయించాను మరిదీ. చెల్లి ప్రతి నెలా రసీదు ఫొటో తీసి నీ ఫోనుకే పంపుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇంగ్లీషు చదివేవాళ్ళ చేత చదివించుకోండి."

పోతురాజుకి తల కొట్టేసినట్టయింది. రసీదులు వచ్చిన మాట నిజమే. భార్య వాయిస్ మెసేజిలు వినేవాడు, ఆవిడ ఫొటోలు చూసేవాడు, ఆ కాగితాల ఫొటోలని మాత్రం వేలితో పైకి తోసేసేవాడు.

పుస్తకం ఇంటికి తెచ్చి చూపిస్తే అప్పాయమ్మ మాత్రం ఉత్సాహపడింది. రుజువు దొరికిందనుకుంది. సురేష్‌బాబు కొట్టుకి పదమంది. సురేష్‌బాబు ఊళ్ళో ఫోను రీఛార్జిలు చేస్తాడు, బ్యాంకు తరఫున వేలిముద్ర మీద డబ్బులు తీసి ఇస్తాడు, జిరాక్సులు తీస్తాడు. ఎప్పుడూ చిరాగ్గా ఉంటాడు. సాక్ష్యానికని అప్పాయమ్మ దారిలో పాపాయిని కూడా వెంటబెట్టుకుంది. రూతు రసీదు ఆవిడ ఫోనులో ఉంది. నలుగురూ కొట్టు ముందు బల్ల మీద చేరారు. పనిలేనివాళ్ళు ఇద్దరు ముగ్గురు వెనక నిలబడ్డారు.

సురేష్‌బాబు ముందు సాయిదుర్గ రసీదు పెద్దది చేసి చూశాడు. "కట్టింది వంద దినార్లు. ఫీజు సున్నా. అవతలివాళ్ళకి ఇవ్వాల్సింది ఇరవై ఆరు వేల ఆరువందల అరవై రూపాయలు." పుస్తకంలో ఆ తారీఖు దగ్గర వేలు పెట్టాడు. "పడింది ఇరవై ఆరు వేల ఆరువందల అరవై. సరిపోయింది."

"సరిగ్గా చూడు," అంది అప్పాయమ్మ.

అతను విసుక్కుని ముందు నెలలవి కూడా తీశాడు. ఒక్కో రసీదులో రూపాయలు ఎంతని ఉందో, పుస్తకంలో పైసలతో సహా అంతే ఉంది. ఒక్క నెల కూడా తేడా లేదు. "ఆవిడకి పడిందంతా మీకిచ్చిందా?"

"ఇచ్చింది," అన్నాడు పోతురాజు. ఇంకెటూ చూడలేక నేల చూశాడు.

"మరింకేంటండీ గొడవ? ఆవిడ దగ్గర పైసా ఆగలేదు."

ఓడిపోతున్నప్పుడు కూడా అప్పాయమ్మకి ఊరుకోవడం రాదు. "అయితే పాపాయికి ఎక్కువెలా వచ్చిందిరా? అదే వందేగా! ఆళ్ళది కమీషన్ కొట్టేగా!"

సురేష్‌బాబు పాపాయి ఫోను తీసుకుని పక్కన పెట్టాడు. పోతురాజు వంగి చూశాడు. ఫీజు అన్నచోట 1.500 అని ఉంది. "పదిహేనొందలా ఫీజు!" అన్నాడు అదిరిపడి.

"కాదండీ. ఆ చుక్క చూడండి. కువైట్ దినారుకి వెయ్యి ఫిల్సులు. అందుకని చుక్క తరవాత మూడంకెలు వేస్తారు. అది ఒకటిన్నర దినారు." చిన్న కాగితం తీసి రాస్తూ చెప్పాడు. "రూతు కట్టింది వంద. అందులో ఒకటిన్నర ఫీజు పోయింది. మిగిలింది తొంభై ఎనిమిదిన్నర. దాన్ని రూపాయల్లోకి మార్చిన రేటు ఇక్కడుంది, రెండువందల డెబ్బై నాలుగు రూపాయల ఎనభై పైసలు. హెచ్చవేస్తే ఇరవై ఏడు వేల అరవై ఏడు రూపాయల ఎనభై పైసలు. వచ్చిందీ అదే."

"మాది?" అన్నాడు పోతురాజు.

"మీది ఫీజు లేదు. వందకి వందా మార్చారు. ఎంతకి మార్చారో చూడండి. రెండువందల అరవై ఆరు రూపాయల అరవై పైసలు." అతను ఫోనులో ఆ శుక్రవారం నాటి రేటు తీశాడు. "ఆ రోజు బజారు రేటు రెండువందల డెబ్బై అయిదు రూపాయల అరవై పైసలు. అది బ్యాంకులూ బ్యాంకులూ మార్చుకునే రేటు. మన చేతికి ఎవడూ అది ఇవ్వడు. రూతు వెళ్ళిన కొట్టువాడు దినారుకి ఎనభై పైసలు ఉంచుకుని, ఫీజు వేరేగా చెప్పి తీసుకున్నాడు. రెండూ కలిపితే ఐదొందల లోపు. మీ కొట్టువాడు దినారుకి తొమ్మిది రూపాయలు ఉంచుకున్నాడు. వంద దినార్లకి తొమ్మిది వందలు. ఫీజు లేదని బోర్డు పెట్టి రేటులో లాగేశాడు. మోసమని కూడా అనలేం, రసీదులో రేటు రాసే ఇచ్చాడు. చూసుకోవాల్సింది మనం."

తొమ్మిది వందలు. అప్పాయమ్మ రేవులో అరిచిన అంకె అదే. లెక్క రూపాయికి రూపాయి సరిగ్గా తేలింది. దొంగ మాత్రం వేరేవాడు. ఆ దొంగ దగ్గరికి కోడల్ని పంపింది తనే.

ఇది ఆవిడకి తెలియని విద్య కాదు. హార్బరులో కమీషన్ వద్దనే వ్యాపారులు కొందరుంటారు. "నీ దగ్గర కమీషనేంటి అక్కా" అని నవ్వుతారు, కిలోకి ఇరవై తగ్గించి పాట కొట్టేస్తారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళని వాళ్ళ బారి నుంచి కాపాడింది అప్పాయమ్మే. "కమీషన్ ఎంతని అడగమాకండే, చివరికి చేతికెంతొస్తాదో అడగండి" అని ఎంతమందికి చెప్పిందో! చేపల దగ్గర తెలిసిన సంగతి దినార్ల దగ్గర ఎలా తెలియకుండా పోయింది? దినార్లంటే ఏదో పెద్ద చదువుల వ్యవహారమనుకుంది. అందులోనూ ఉన్నది పాటేనని తోచలేదు. తోచనిదానికి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"నేను వస్తా," అని పాపాయి ఫోను తీసుకుని మెల్లిగా వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు అప్పాయమ్మ మొహం చూడలేదు. అది దయే, కానీ గుచ్చుకుంది.

ఇంటికి వచ్చాక పోతురాజు భార్యకి ఫోను చేశాడు. జరిగింది చెప్పకుండా దాచాలనుకున్నాడు గానీ అప్పటికే రూతు ద్వారా అంతా తెలిసిపోయింది. ఫోను స్పీకర్లో పెట్టమంది.

"అత్తయ్యా, మా అక్కని దొంగన్నారంట."

అప్పాయమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొదటి నెలలోనే చెప్పాను కదండీ మీకు. ఇక్కడ కమీషన్ లేదు గానీ రేటు తక్కువేస్తున్నారు, రూతు వెళ్ళే కొట్లోనే చేతికి ఎక్కువొస్తుంది అని మెసేజి పెట్టాను. ఎల్లమన్నానా లేదా అని అరిచారు. మిమ్మల్ని ఎదిరించడం ఎందుకులే అని వెళ్తున్నాను. నాది పోతే పోయింది, నాలుగొందలు. మా అక్కది పోయింది చూడండి, అది నేనెక్కడ సంపాదించి పంపను?" ఏడుస్తోంది. వెనక ఎవరో అరబ్బీలో పిలిచారు. "పనుంది," అని పెట్టేసింది.

పోతురాజు ఫోను జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పాయమ్మ గోడకి చేరబడి కూర్చుంది. అన్నం సయించలేదు. సిగ్గంటే ఇలా ఉంటుందని ఆవిడకి అన్నేళ్ళొచ్చినా తెలియదు. కొడుకు అప్పు కట్టలేకపోయినప్పుడు కూడా సిగ్గుపడలేదు, మొగుడు తాగి రోడ్డుమీద పడ్డప్పుడు కూడా పడలేదు. అవి తను చేసినవి కావు. ఇది తన నోటితో తను చేసింది.

మర్నాడు గంప లేకుండా పంటు ఎక్కింది. నరసాపురంలో దిగి నేరుగా శివరామకృష్ణ లేసు కొట్టుకి వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు అల్లిన గుడ్డలు అప్పగిస్తున్నారు. దారం పంచే పని తీసుకున్న కొత్తావిడ కూడా అక్కడే ఉంది. అప్పాయమ్మ గుమ్మంలో నిలబడి, "బాబూ, సత్యవాణి తప్పేం లేదండీ," అంది. ఎవరికీ వినపడలేదు. పాటలో హార్బరంతా మోగించే గొంతు, ఆ రోజు గొంతులోనే ఉండిపోయింది. ఇంకోసారి చెప్పింది. అప్పుడు అందరూ తిరిగారు.

"నేనే పొరబడ్డాను. ఆ పిల్ల రూపాయి ముట్టుకోలేదు. కువైట్‌లో కొట్టోడు రేటులో కోసుకున్నాడు. ఆ కొట్టుకి పంపింది కూడా నేనేనండీ. కూలి డబ్బుల మాట కూడా నోటికొచ్చి అన్నదే. నాకేం తెలీదు. మీరు ఆవిడ పని ఆవిడకిచ్చెయ్యండి."

శివరామకృష్ణ ఆవిడని కూర్చోమన్నాడు. కూర్చోలేదు. "సంతోషమండీ, మీరొచ్చి చెప్పారు," అన్నాడాయన. "కానీ ఈ దారమంతా వీరి పేరున ఇచ్చేశాను. ఆర్డరు పూర్తయ్యేదాకా మార్చలేను. సంక్రాంతి వెళ్ళాక చూద్దాం." కొత్తావిడ తల వంచుకుని గుడ్డలు మడతపెడుతోంది. ఆవిడదీ ఆకలే, ఆవిడని అనడానికి ఏముంది? మూలనున్న ఒకామె పక్కామెతో, "నిప్పు లేందే పొగ వస్తుందా" అన్నట్టు ఏదో గొణిగింది. అప్పాయమ్మ ఆ గొణుగుడుని గుర్తుపట్టింది. తను పుట్టించిన అనుమానం తను చెప్పినంత మాత్రాన చావదని అప్పుడర్థమైంది.

అక్కడినుంచి సత్యవాణి ఇంటికి వెళ్ళింది. సత్యవాణి అరుగు మీద చాప వేసింది. కూర్చున్నాక అప్పాయమ్మ చెప్పాలనుకున్నవేవీ రాలేదు. "అమ్మాయ్, నా నోరు పడిపోనూ," అని చేతులు పట్టుకోబోయింది. సత్యవాణి విసురుగా లాక్కోలేదు గానీ, తన చేతుల్ని మెల్లిగా అల్లిక కిందికి పెట్టుకుంది.

"చెల్లి ఫోను చేసిందండీ. ఇకనుంచి రూతు వెళ్ళే కొట్లోనే కడతానంది."

"నీ ఎకౌంటుకేనా? నువ్వొద్దంటే పోతురాజు దానికి... అందులో పడితే బ్యాంకోళ్ళు..." అప్పాయమ్మ మాట మింగేసింది. ఇప్పుడు కూడా డబ్బు గురించే అడుగుతున్నానని తెలిసి ఇంకా సిగ్గేసింది.

"నా ఎకౌంటుకే. దాని కష్టం అప్పులోకి పోకూడదు. అది నా చెల్లెలు." సత్యవాణి సూది ఆపింది. "మీ ఇంటికి మాత్రం నేను రానత్తయ్యా. డబ్బు రేవుకి తెస్తాను. మీరొచ్చి తీసుకోండి. నలుగురూ ఉన్న వేళే రండి. మరిదిని పంపొద్దు, మీరే రావాలి."

అప్పాయమ్మ తలూపింది. టీ ఇస్తుందా అని కూర్చుని ఉంటే బాగుండదనిపించి లేచింది. సత్యవాణి ఆపలేదు.

తరవాతి నెల కబురొచ్చింది. అప్పాయమ్మ రేవుకి ముందుగానే వెళ్ళి నిలబడింది. పంటు వచ్చి ఆగింది. బళ్ళు దిగాయి, మనుషులు దిగారు, సత్యవాణి దిగింది. ఈసారి ఆవిడ భుజాన లేసు సంచి లేదు, వెనక ఎవరూ లేరు. నేరుగా వచ్చి ఎదురుగా నిలబడి ఫోను తీసింది. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. దిగినవాళ్ళూ ఎక్కబోయేవాళ్ళూ వినేటట్టుగా చదివింది.

"కట్టింది వంద దినార్లు. ఫీజు ఒకటిన్నర. మార్చింది తొంభై ఎనిమిదిన్నర. రేటు రెండువందల డెబ్బై అయిదు రూపాయల ఇరవై పైసలు. పడింది ఇరవై ఏడు వేల నూట ఏడు రూపాయల ఇరవై పైసలు." ఫోను మూసి డబ్బు చేతిలో పెట్టింది. పైన పైసలకి బదులు ఒక రూపాయి బిళ్ళ. "లెక్కపెట్టుకోండి."

"ఎందుకులే అమ్మా..."

"లెక్కపెట్టుకోండి అత్తయ్యా. పైకి లెక్కపెట్టండి."

టిక్కెట్ల కుర్రాడు చూస్తున్నాడు. కొబ్బరి బస్తాలవాళ్ళు చూస్తున్నారు. ఆ రోజు అరిచినప్పుడున్న మనుషుల్లో సగం మంది అక్కడే ఉన్నారు. అప్పాయమ్మ నోట్లు ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టింది. మధ్యలో తప్పింది. ఎప్పుడూ తప్పని మనిషి తప్పి, మొదటినుంచి మళ్ళీ లెక్కపెట్టింది. కళ్ళల్లో నీళ్ళొస్తుంటే అంకెలు కనపడలేదు.

"సరిపోయింది," అంది.

"వాళ్ళకి వినపడలేదు," అంది సత్యవాణి.

అప్పాయమ్మ తలెత్తి రేవంతా ఒకసారి చూసి, పాటలో అరిచినట్టు అరిచింది. "సరిపోయింది!"

సత్యవాణి అదే పంటు ఎక్కి వెళ్ళిపోయింది. వచ్చే నెల కూడా ఇలాగే వస్తుంది.